వాట్సాప్‌లో బేరం: గొంతు వినపడని చోట మాట చెడకుండా ధర కుదుర్చుకోవడం ఎలా

నాలుగేళ్ళ క్రితం దసరాకి ముందు, హైదరాబాద్‌లోని ఒక స్వీట్ల దుకాణం వారు పలాసలో మా చిన్న జీడిపప్పు ఫ్యాక్టరీకి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టారు. 320 గుండు, అంటే విరగని నిండు పప్పులో ఒక సైజు, 500 కిలోలు కావాలన్నారు. రేటు దగ్గర రెండు రోజులు అటూ ఇటూ అయ్యాక నేను ఇలా రాశాను: "780 కి తగ్గేది లేదు. చెప్పండి." ఆయన నుంచి ఒక్క మాట వచ్చింది: "ఓకే."

నేను ఒప్పుకున్నారనుకున్నాను. నాన్నగారికి చెప్పాను. పది కిలోల టిన్నులు యాభై నింపించి, సీలు వేయించి, ట్రాన్స్‌పోర్టు కోసం ఫోన్ చేశాను. ఆయన మాత్రం "ఓకే, మీకు కుదరకపోతే వదిలేద్దాం" అనే ఉద్దేశంతో రాసి, ఆ సాయంత్రమే వేరే చోట ఆర్డరు ఇచ్చేశారట. ఈ సంగతి తెలిసేసరికి నాలుగు రోజులైంది. సరుకును దగ్గర్లోనే కిలోకి ఇరవై రూపాయలు తగ్గించి అమ్మాం. పది వేలు పోయాయి.

తర్వాత ఆ సంభాషణను పైనుంచి కింది దాకా మళ్ళీ చదివాను. తప్పు ఆయన "ఓకే"లో ఉందనుకున్నాను గానీ, మొదలైంది నా "చెప్పండి" దగ్గరే. నేను టైపు చేస్తున్నప్పుడు అది నా చెవికి "మీ మాట కూడా చెప్పండి" అన్నట్టు వినిపించింది. అంతకుముందు వాక్యం "తగ్గేది లేదు" కాబట్టి, చదివినాయనకి "తీసుకుంటారా లేదా తేల్చండి" అన్నట్టు వినిపించి ఉంటుంది. ఇద్దరం ఒకే మెసేజ్ చూశాం, రెండు వేర్వేరు గొంతులు విన్నాం.

ఆ తర్వాత నుంచి బేరం మెసేజ్‌లు రాసే పద్ధతి మార్చుకున్నాను. ఆ పద్ధతినే ఇక్కడ దశలవారీగా, తర్వాత మరో కొనుగోలుదారుతో చివరికి కుదిరిన ఒక బేరాన్ని పక్కన పెట్టి చెబుతాను. అంకెలు ఆనాటివి, ఈనాటి మార్కెట్ రేటు కాదు.

ముందు ఈ ఒక్క సంగతి తెలియాలి

మనం రాసిన మెసేజ్ మన గొంతుతోనే మనకి వినిపిస్తుంది. అందుకే అది స్పష్టంగా ఉందనిపిస్తుంది. 2005లో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ, వాళ్ళ సహచరులు అమెరికాలో దీన్ని పరీక్షించారు. కొన్ని వాక్యాలను వెటకారంగా, కొన్నిటిని నిజంగా అన్నట్టు ఎదుటివాళ్ళకి పంపమన్నారు. కొందరు ఈమెయిల్‌లో రాశారు, కొందరు గొంతుతో చెప్పారు. నూటికి 78 సార్లు ఎదుటివాళ్ళు సరిగ్గా పట్టుకుంటారని రెండు గుంపులవాళ్ళూ అంచనా వేశారు. గొంతుతో చెప్పినవి 73 సార్లు సరిగ్గా అందాయి. ఈమెయిల్‌లో రాసినవి 56 సార్లే అందాయి. కళ్ళు మూసుకుని బొమ్మా బొరుసూ వేసినా యాభై వస్తాయి గదా. ఇందులో బేరగాడు గుర్తుపెట్టుకోవాల్సింది 56ని కాదు. రాసినవాళ్ళకి తమ మాట అందలేదని అనుమానమే రాలేదన్న సంగతిని.

కాబట్టి "నేను మర్యాదగానే రాశాను" అన్నది సాక్ష్యం కాదు. మర్యాద మన చెవిలో ఉందో, అక్షరాల్లో ఉందో విడిగా చూసుకోవాలి.

మొదటి దశ: రేటు మాట రాకముందే ఒక ఫోన్

కొత్త కొనుగోలుదారు మెసేజ్ పెట్టగానే రేటు పంపేయాలనిపిస్తుంది. ఆగండి. ముందు ఐదు నిమిషాలు ఫోన్ చేసి పలకరించండి. రేటు గురించి కాదు: ఎక్కడి నుంచి, ఏం తయారు చేస్తారు, గుండు ఎందుకు వాడతారు, రెండుగా విడిన బద్ద ఎందుకు వద్దంటున్నారు, ఇదివరకు పలాస వచ్చారా. మావైపు వాళ్ళు ఈ పలకరింపు ఎటూ చేస్తారు, ఫోన్ చేతిలో ఉండి మెసేజ్ అలవాటయ్యాక మానేశాం.

దీనికి పరిశోధన ఆధారం కూడా ఉంది. 2002లో మైకేల్ మోరిస్, జానిస్ నాడ్లర్, టెర్రీ కర్ట్జ్‌బర్గ్, లీ థాంప్సన్ అనే నలుగురు అమెరికాలో విద్యార్థుల చేత ఈమెయిల్ బేరాలు ఆడించారు. కొందరిని మాత్రం బేరానికి ముందు కాసేపు ఫోన్‌లో మామూలు కబుర్లు చెప్పుకోమన్నారు. అలా మాట్లాడుకున్నవాళ్ళ మధ్య బేరం చెడిపోవడం తక్కువైంది.

ఫోన్ చేసినందువల్ల నాకు కనిపించిన అసలు లాభం ఇది. ఆ తర్వాత ఆయన మెసేజ్ పెడితే నా మనసులో ఆయన గొంతే చదువుతుంది. ఆయన గబగబా మాట్లాడే మనిషని తెలిస్తే, రెండు ముక్కల మెసేజ్ కోపంలా అనిపించదు. గొంతు వినని మనిషి మెసేజ్‌ని మాత్రం ఆ పూట మన మూడ్ చదువుతుంది. పప్పు తీసే జీడి పిక్కల బస్తా రేటు పెరిగి టెన్షన్‌లో ఉన్న రోజున ప్రతి మెసేజ్ నొక్కుతున్నట్టే ఉంటుంది.

రెండో దశ: మూడు అంకెలు కాగితం మీద

మెసేజ్ పెట్టకముందు మూడు అంకెలు రాసిపెట్టుకోవాలి: అడిగే రేటు, రావాలనుకునే రేటు, దీనికన్నా కిందకైతే వద్దనే రేటు. మేం 500 కిలోలకి 780, 765, 750 రాసుకున్నాం. స్క్రీన్ మీద ఒక కటువు వాక్యం కనిపించినప్పుడు చెయ్యి తొందరపడుతుంది. కాగితం మీది అంకె దాన్ని ఆపుతుంది.

గడువు విలువ కూడా అప్పుడే లెక్కవేసుకోవాలి. 760 చొప్పున 500 కిలోలంటే 3,80,000. బ్యాంకు అప్పు ఏడాదికి 12 శాతం అనుకుంటే నెలకి 3,800 వడ్డీ. అంటే ఒక నెల గడువు ఎక్కువ ఇస్తే కిలోకి ఏడున్నర రూపాయలు మన చేతి నుంచి పోతున్నట్టు. ఈ లెక్క దగ్గరుంటే ఎదుటివాళ్ళు "60 రోజులు" అన్నప్పుడు అవమానం అనిపించదు. అది ఏడున్నర రూపాయల ప్రశ్న అవుతుంది, దానికి జవాబు కూడా రూపాయల్లోనే ఇవ్వొచ్చు.

మూడో దశ: షరతులన్నీ ఒకే మెసేజ్‌లో

రేటు ఒక మెసేజ్, గడువు మరో మెసేజ్, కిరాయి ఇంకో మెసేజ్ పంపితే ప్రతి ఒక్కటీ విడి పోరాటంలా మారుతుంది. ఎదురుగా కూర్చున్నప్పుడు నవ్వుతూ ఒకదాని తర్వాత ఒకటి అడిగితే ఇబ్బంది లేదు. రాతలో మాత్రం ఒప్పుకున్నాక మళ్ళీ ఇంకొకటి అడిగారన్నట్టు కనిపిస్తుంది, అది మోసంలా తోస్తుంది. అందుకని అన్నీ కలిపి, ప్రతిదానికీ కారణం పక్కన పెట్టి పంపాలి. మేం పంపింది ఇది:

"నమస్కారం అండి. నిన్న ఫోన్‌లో మాట్లాడుకున్నట్టు వివరాలు పంపుతున్నాను. 320 గుండు, 500 కిలోలు, 10 కిలోల టిన్నులు 50. కిలో 780, జీఎస్టీ అదనం. సరుకు చేరిన 30 రోజుల్లో డబ్బు. ట్రాన్స్‌పోర్టు కిరాయి మీది. ఈ ఏడు పిక్కల రేటు బాగా పెరిగింది, ఆ లెక్క మీద వేసిన ధర ఇది. మీకు ఇందులో ఏది ఇబ్బందిగా ఉందో చెబితే దాని మీద మాట్లాడుకుందాం. సోమవారం లోపు చెబితే టిన్నులు మీకోసం పక్కన పెడతాను."

చివరి రెండు వాక్యాలూ ముఖ్యం. పాత "చెప్పండి"కి బదులు ఇక్కడ ఏం చెప్పాలో కూడా ఉంది: ఏది ఇబ్బందో. తలుపు తెరిచి ఉందని గొంతు చెప్పే పనిని ఆ వాక్యం చేస్తోంది. సోమవారం అనే గడువు కూడా బెదిరింపులా కాకుండా, టిన్నులు పక్కన పెట్టడానికన్నట్టు ఉంది. "సోమవారం లోపు చెప్పండి, లేకపోతే వేరేవాళ్ళకి ఇస్తాం" అన్నా విషయం అదే. చదివేవాళ్ళకి మాత్రం అదే కాదు.

రేటు, గడువు ఉన్న ఇలాంటి మెసేజ్‌ని నేను ఈమెయిల్‌లో కూడా పంపుతాను, విషయం దగ్గర "320 గుండు, 500 కిలోల ధర వివరాలు" అని రాసి. ఎందుకంటే దుకాణంలో మాట్లాడేది ఒకరు, డబ్బు ఇచ్చేది ఇంకొకరు. ఈమెయిల్ ఆ రెండో మనిషికి యథాతథంగా చేరుతుంది. వాట్సాప్ మాట నోటిమాటగా మారి చేరుతుంది.

నాలుగో దశ: కాదనడం తెలుగులో

మాట్లాడేటప్పుడు మన భాషలో మెత్తదనం చాలావరకు చివర్లో ఉంటుంది. "కుదరదు" అనీ అనొచ్చు, "కుదరదండీ" అని సాగదీసీ అనొచ్చు. రెండో దానిలో ఆ దీర్ఘమే క్షమించమని అడుగుతుంది. రాతలో దీర్ఘం తగ్గిపోతుంది, "కుదరదు" ఒంటరిగా నిలబడుతుంది.

దాని బదులు "ఈ రేటుకి మాకు గిట్టదండి" అనండి. "కుదరదు" మనిషిని తోసేస్తుంది, "గిట్టదు" లెక్కని చూపిస్తుంది. ఆ పక్కనే ఎందుకు గిట్టదో ఒక వాక్యం, ఏదైతే గిట్టుతుందో ఇంకో వాక్యం రాయాలి. మెత్తగా ఉండాల్సింది మనిషి పట్ల. అంకె విషయంలో మెత్తబడితే మరో తప్పు జరుగుతుంది: "750 అయితే చూడొచ్చేమోనండి" అని రాస్తే ఎదుటివాళ్ళు 740 అడుగుతారు, అడగడం వాళ్ళ తప్పు కూడా కాదు. "ఏమో", "చూద్దాం", "అనుకుంటున్నాను" లాంటివి అంకె పక్కన రానివ్వకండి.

"చూద్దాం లెండి" అనేది ఇంకా ప్రమాదం. మావైపు అది చాలాసార్లు మర్యాదగా "వద్దు" అనడమే. అయితే నిజంగానే చూసి చెబుతామనే అర్థంలో రాసేవాళ్ళూ ఉన్నారు. గొంతు లేనప్పుడు ఈ రెండూ విడదీయడం ఎవరి తరం కాదు. అందుకని నేను ఆ మాట రాయడం మానేశాను. వద్దైతే "ఈసారికి వద్దండి, దసరా తర్వాత మళ్ళీ అడుగుతాను" అంటాను. చూడాల్సి ఉంటే "నాన్నగారిని అడిగి రేపు సాయంత్రం లోపు చెబుతాను" అంటాను.

యాస సంగతి కూడా చెప్పాలి. "ఏటండి, ఇంకా సాంపిల్ అందలేదేటి?" అని శ్రీకాకుళంలో ఎవరికి రాసినా అది మామూలు ప్రశ్న, కొంచెం చనువు కూడా. అదే హైదరాబాద్‌లో కొత్త మనిషి చదివితే నిలదీసినట్టు వినిపించవచ్చు. అటునుంచి వచ్చేదాంట్లో ఇంకో చిక్కు. తెలంగాణ యాసలో "పంపలే" అంటే పంపలేదని. అదే యాసలో "పంపాలే" అంటే పంపాలని. తెలుగు లిపిలో ఒక దీర్ఘం ఈ రెంటినీ విడదీస్తుంది. ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేస్తే చాలామంది ఆ దీర్ఘానికి రెండో "ఏ" అక్షరం వేయరు, రెండూ ఒకేలా ఉంటాయి. డబ్బు పంపలేదన్న మాటా, డబ్బు పంపాలన్న మాటా ఒకేలా కనిపిస్తే గొడవ ఎంతసేపట్లో వస్తుందో ఆలోచించండి. డబ్బు, తేదీ, బరువు ఉన్న వాక్యాలైనా తెలుగు లిపిలో రాయండి, తారీఖు అంకెల్లో వేయండి.

బొమ్మల విషయంలో నా పద్ధతి ఒకటే. చేతులు జోడించిన బొమ్మ మనకి నమస్కారం, కృతజ్ఞత, బతిమాలడం, "ఇక వదిలేయండి" అన్నీ అవుతుంది. బొటనవేలు పైకెత్తిన బొమ్మ చూశానని కావచ్చు, ఒప్పుకున్నానని కావచ్చు. పలకరింపులో ఎన్నైనా పెట్టండి. ధరకి జవాబుగా మాత్రం ఏదీ పెట్టొద్దు, వాళ్ళు పెడితే దాన్ని ఒప్పుకోలుగా తీసుకోవద్దు.

ఐదో దశ: గుచ్చుకున్న మెసేజ్ చదవడం

మా మెసేజ్‌కి జవాబు ఇలా వచ్చింది: "730 చేయండి. 60 రోజులు. మార్కెట్‌లో చాలామంది ఉన్నారు."

నాకు ఒంట్లో వేడి పుట్టింది. "అయితే వాళ్ళ దగ్గరే తీసుకోండి" అని టైపు చేశాను కూడా. పంపలేదు. మెసేజ్ గుచ్చుకున్నప్పుడు నేను ఒక పని చేస్తాను: దాన్ని మూడు రకాలుగా బయటికి చదువుతాను. మొదట మనం అనుకున్నట్టే, పొగరుగా. తర్వాత దుకాణంలో రద్దీలో, ఒక చేత్తో టైపు చేస్తున్న మనిషిలా. మూడోసారి, నిజంగానే ఎవరో తక్కువ రేటు చెప్పగా ఇబ్బందిలో ఉన్న మనిషిలా. మనసులో చదివితే మొదటి గొంతే మళ్ళీ వస్తుంది, అందుకే బయటికి చదవాలి. పక్కన ఎవరైనా ఉంటే వాళ్ళ చేత చదివించడం ఇంకా మంచిది. ఆ రోజు మా చిన్నాన్న చదివి, "ఇందులో కోపమేటుందిరా, రేటు అడుగుతున్నాడు" అన్నారు.

మూడు గొంతుల్లో ఏది నిజమో తేల్చాల్సిన పనిలేదు. మూడింటికీ సరిపోయే జవాబు రాయాలి. పొగరైతే దానికి లొంగినట్టు ఉండకూడదు, రద్దీ అయితే అనవసరంగా గొడవ పెట్టుకున్నట్టు ఉండకూడదు, వేరే రేటు నిజంగా ఉంటే అదేమిటో బయటికి రావాలి. నేను రాసింది:

"730కి మాకు గిట్టదండి, పిక్కల ఖర్చు, కూలి కలిపితే మిగిలేది ఉండదు. రెండు దారులు చెబుతున్నాను. 30 రోజుల గడువుతో 770. లేదా సగం అడ్వాన్సు ఇచ్చి, మిగతాది సరుకు చేరిన 15 రోజుల్లో ఇస్తే 762. మీకు వేరే చోట వచ్చిన రేటు ఇదే 320 గుండుకేనా, ముక్క ఎంత శాతం అన్నారు? తెలిస్తే నేను సరిపోల్చి చెప్పగలను."

రెండు దారులు ఇవ్వడానికి కారణం ఉంది. ఒక్క అంకె పంపితే అవునో కాదో అనాలి, కాదంటే మళ్ళీ గోడ. రెండు ఉంటే వాళ్ళు ఏది ఎంచుకున్నా వాళ్ళకి ఏది ముఖ్యమో మనకి తెలుస్తుంది: గడువా, రేటా. గొంతులో తెలిసే సంగతిని ఎంపిక చెబుతుంది. 770కీ 762కీ ఉన్న ఎనిమిది రూపాయల్లో దాదాపు ఆరు రూపాయలు వడ్డీ మిగులు, తక్కినది డబ్బు ముందే చేతికి వస్తున్నందుకు మేం వదిలింది.

60 రోజుల గడువు గురించి చట్టం ఉంది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న పరిశ్రమకి కొన్నవాళ్ళు 45 రోజులకి మించి గడువు రాసుకున్నా చెల్లదు. ఉద్యమ్ నమోదు ఉంటే ఇది మనకి వర్తిస్తుంది. దీన్ని మొదటి జవాబులో పెట్టకపోవడమే మంచిది. చట్టం పేరు రాతలో కనిపిస్తే అది నోటీసులా ఉంటుంది, ఎంత మెత్తగా రాసినా. అవసరమైతే ఫోన్‌లో "మా ఆడిటర్ 45 దాటొద్దంటున్నారండి" అనొచ్చు. మావాళ్ళు తర్వాత అలాగే చెప్పారు, ఆయన వెంటనే సరేనన్నారు.

పంపకుండా ఆపిన ఆ కోపం వాక్యం సంగతికొస్తే: వాట్సాప్‌లో పంపాక 15 నిమిషాల లోపు మార్చుకోవచ్చు, అయినా మార్చినట్టు పక్కన కనిపిస్తుంది. అందరికీ తొలగించే అవకాశం రెండు రోజుల పైచిలుకు ఉంటుంది, అక్కడా తొలగించిన గుర్తు మిగులుతుంది. ఈలోగా నోటిఫికేషన్‌లో చదివేసి ఉండొచ్చు కూడా. కాబట్టి కోపంలో టైపు చేయాలనిపిస్తే ఆ సంభాషణలో కాకుండా నోట్స్‌లో టైపు చేయండి. చెయ్యి జారే చోట ఉండకపోవడం ఒక్కటే నిజంగా పనిచేస్తుంది.

ఆరో దశ: మౌనాన్ని చదవొద్దు

ఆయన నుంచి "760 ఫైనల్" అని వచ్చింది. నేను ముక్క శాతం గురించి మళ్ళీ అడిగాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. రెండు రోజులు ఏ మాటా లేదు.

ఇక్కడే బేరాలు ఎక్కువగా పాడవుతాయి, ఎవరూ ఏమీ అనకుండానే. టిక్కు చూసి జవాబు లేదంటే లెక్కలేనట్టు అనిపిస్తుంది, అప్పుడు మనం రెండు తప్పుల్లో ఒకటి చేస్తాం. ఒకటి, అడగకుండానే రేటు తగ్గించి మరో మెసేజ్ పెడతాం. 760 మా 750కి పైనే కాబట్టి ఆ పూట "సరే 760" అనేయాలని నాకూ అనిపించింది. రెండోది, పంతానికి మనమూ మౌనంగా ఉంటాం. నీలం టిక్కు చెప్పేది మెసేజ్ తెరిచారని మాత్రమే. చదివారని కూడా కాదు, దుకాణంలో ఆ ఫోన్ ఇంకొకరి చేతిలో ఉండొచ్చు.

నా నియమం ఏమిటంటే, ఒకే విషయం మీద మూడు మెసేజ్‌లు అటూ ఇటూ అయ్యాక అంకె కదలకపోతే, లేదా చెప్పిన గడువు దాటి ఒక రోజు గడిస్తే, నాలుగోది మెసేజ్ కాదు, ఫోన్. ఫోన్ చేసే ముందు చిన్న మెసేజ్: "ఒక ఐదు నిమిషాలు మాట్లాడదామా అండి, ఎప్పుడు వీలు?" అకస్మాత్తుగా మోగితే అది కూడా నిలదీసినట్టే ఉంటుంది.

ఫోన్‌లో నేను రేటుతో మొదలుపెట్టలేదు. "ఈ సరుకు విషయంలో మీకు ఏదైనా అనుమానం ఉందా అండి?" అన్నాను. ఆయన కాసేపు తటపటాయించి అసలు సంగతి చెప్పారు. అంతకుముందు ఇంకెవరో పంపిన టిన్నుల్లో అడుగున ముక్క చాలా వచ్చిందట. స్వీటు మీద అతికించే పప్పు గుండుగా లేకపోతే పనికిరాదు. ఆ నష్టం మళ్ళీ వస్తే తట్టుకోవడానికే రేటు తగ్గించమంటున్నారు. దుకాణం యజమానికి ఈయన జవాబు చెప్పుకోవాలి మరి. ఇదంతా మెసేజ్‌లో రాయడం ఆయనకి ఇష్టం లేదు, మమ్మల్నే అనుమానించినట్టు ఉంటుందని. ఆయన మౌనం నాకు పొగరనిపించింది, ఆయనకి అది మర్యాద.

అప్పుడు రేటు సమస్యే కాదు. ముక్క 5 శాతం దాటితే దాటిన బరువుకి ముక్క రేటే తీసుకుంటామన్నాం. టిన్ను విప్పగానే తూకం వేసి ఫొటో పంపాలన్నాం. మా గ్రేడింగ్ మీద మాకు నమ్మకం ఉంది కాబట్టి దీనివల్ల మాకు పోయేది తక్కువ. ఆయనకి ఉన్న భయం మాత్రం పూర్తిగా తీరింది. 762కి ఒప్పుకున్నారు.

వాయిస్ మెసేజ్ సంగతి చాలామంది అడుగుతారు. పలకరింపుకీ, క్షమాపణకీ అది రాత కన్నా చాలా మేలు, గొంతు చేరుతుంది కాబట్టి. రేటు మాత్రం అందులో చెప్పొద్దు. వెతుక్కోవడం కష్టం, పైగా దుకాణంలో నలుగురి మధ్య స్పీకర్‌లో వింటారు.

ఏడో దశ: ఫోన్ పెట్టేసిన పది నిమిషాల్లో రాత

ఫోన్‌లో కుదిరింది ఇద్దరి జ్ఞాపకాల్లో రెండు రకాలుగా మిగులుతుంది. అందుకని వెంటనే ఇది పంపాను:

"ఇప్పుడు ఫోన్‌లో అనుకున్నవి: 320 గుండు 500 కిలోలు, కిలో 762, మొత్తం 3,81,000, జీఎస్టీ అదనం. అడ్వాన్సు 1,90,500. మిగతాది సరుకు చేరిన 15 రోజుల్లో. ముక్క 5 శాతం దాటితే ఆ బరువుకి ముక్క రేటు, విప్పిన రోజే తూకం ఫొటో. కిరాయి మీది. ఇందులో ఏదైనా నేను తప్పుగా రాస్తే సరిచేయండి. అంతా సరిగ్గా ఉంటే 'పై షరతులన్నీ ఒప్పుకున్నాం' అని రాయండి, టిన్నులు సీలు వేయిస్తాను."

నాలుగేళ్ళ నాటి "ఓకే"కి మందు ఇదే. ఒప్పుకుంటే ఏ మాట రాయాలో మనమే చెప్పడం. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ఏడో సెక్షన్ ప్రకారం ఒప్పుకోలు షరతు లేకుండా, పూర్తిగా ఉండాలి. "సరే గానీ 755 చేయండి" అనేది ఒప్పుకోలు కాదు, కొత్త ప్రతిపాదన. అప్పటితో మన పాత ప్రతిపాదన పోయినట్టే. వాట్సాప్‌లోనో ఈమెయిల్‌లోనో కుదిరిందన్న కారణంగా ఒప్పందం చెల్లకుండా పోదని ఐటీ చట్టం 10ఎ సెక్షన్ చెబుతోంది. అంటే మన పొరపాటు మాటలు కూడా ఒప్పందంగా నిలబడే వీలుంది.

ఆయన జవాబు: "పై షరతులన్నీ ఒప్పుకున్నాం. బేలెన్స్ పదిహేను రోజులు కాకుండా 20 అయితే బాగుండు."

ఇది రెండు వాక్యాల్లో రెండు మాటలు. మొదటిది ఒప్పుకోలు, రెండోది కోరికా, షరతా? మళ్ళీ ఊహించబోయి ఆగాను. "15 రోజులకే లెక్క వేసుకున్నామండి. 20 తప్పనిసరా, లేక వీలైతే అంటున్నారా?" అని అడిగాను. "వీలైతేనే, 15 కే కానివ్వండి" అన్నారు. మర్నాడు అడ్వాన్సు పడింది, ఆ తర్వాతే సీలు వేయించాం.

సరుకు చేరిన రోజు టిన్నుల తూకం ఫొటో వచ్చింది, ముక్క మూడు శాతం లోపే. దాని కింద ఆయన రాసింది ఒక్క మాట: "ఓకే." ఈసారి ఫోన్ చేసి అడిగాను. "బాగుందండీ, దీపావళికి ఇంకో 300 కిలోలు పంపగలరా?" అన్నారు.